వ్యాపించే వేవ్ ప్యాకెట్‌లో గ్రూప్ వెలాసిటీ దేనిది?

ప్రశ్న: ఫ్రీ పార్టికల్ వేవ్ ప్యాకెట్ కాలం గడిచేకొద్దీ వెడల్పవుతుంది అంటారు, గ్రూప్ వెలాసిటీతో కదులుతుంది అని కూడా అంటారు. ఆకారమే మారిపోతుంటే ఇక ఆ వేగంతో కదిలేది ఏమిటండీ?

కదిలేది సంభావ్యత సగటు స్థానం, అంటే ⟨x⟩. దాని వేగం ⟨p⟩/m. బలం ఏమీ లేదు కాబట్టి అది మొదటి నుంచి చివరి వరకూ మారదు. గాసియన్ ప్యాకెట్‌లో సగటు, శిఖరం ఒకేచోట ఉంటాయి కాబట్టి శిఖరం కూడా అదే వేగంతో వెళ్తుంది. లోపలి అలలు మాత్రం ఆ వేగంతో వెళ్లవు.

ఒక ఎలక్ట్రాన్‌ను తీసుకుందాం. వేగం సెకనుకు 10⁶ మీటర్లు, మొదటి వెడల్పు σ₀ = 1 నానోమీటర్. తరంగదైర్ఘ్యం సుమారు 0.73 నానోమీటర్ వస్తుంది. వెడల్పు సూత్రం ఇది:

σ(t) = σ₀ √(1 + (ħt / 2mσ₀²)²)

ఇందులో 2mσ₀²/ħ విలువ సుమారు 17.3 ఫెమ్టోసెకన్లు. అంతసేపట్లో ప్యాకెట్ 17 నానోమీటర్లు వెళ్తుంది, వెడల్పు 1.4 నానోమీటర్లు అవుతుంది. దానికి పది రెట్ల సమయం ఇస్తే మధ్యబిందువు 173 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, వెడల్పు దాదాపు 10 నానోమీటర్లు.

ఈ సాగదీత ఎక్కడి నుంచి వచ్చింది? మొదట్లోనే స్థానాన్ని 1 నానోమీటర్‌కు బిగించాం కాబట్టి మొమెంటంలో దాదాపు 6 శాతం అటూ ఇటూ తేడా తప్పనిసరి. వేగంగా ఉన్న భాగం ముందుకు పోయింది, నెమ్మదిగా ఉన్నది వెనకబడింది. మొమెంటం పంపిణీ మొదట ఎలా ఉందో ఇప్పుడూ అచ్చం అలాగే ఉంది. శక్తి ఏమీ పోలేదు, ఎలక్ట్రాన్ ముక్కలూ కాలేదు. 173 ఫెమ్టోసెకన్ల దగ్గర మధ్య నుంచి ఒక σ ముందుకు వెళ్లి చూస్తే అలల మధ్య దూరం 0.69 నానోమీటర్, ఒక σ వెనక్కి వస్తే 0.77. అంటే ప్రతి చిన్న ప్రాంతమూ తన k కి తగ్గ ħk/m వేగంతో పోతోంది. గ్రూప్ వెలాసిటీ ఒక్కటే అంకె అనుకోకండి. ప్రతి k కీ ఒకటి ఉంది, పుస్తకంలో రాసేది మధ్య k కి చెందినది.

నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఇదే. యానిమేషన్‌లో కెమెరా ప్యాకెట్‌తో పాటే కదిలేలా పెట్టి ψ రియల్ పార్ట్ చూపించాను. వైవాకి వచ్చిన ఎక్స్‌టర్నల్ గారు స్క్రీన్ చూస్తూనే "అలలు వెనక్కి పోతున్నాయేంటమ్మా? సైన్ తప్పు, లేకపోతే గ్రిడ్ సరిపోలేదు" అన్నారు. అనుమానం అర్థంలేనిదేమీ కాదు. గ్రిడ్ దూరం 0.5 నానోమీటర్ పెట్టి ఉంటే 0.73 నానోమీటర్ అల దానికి పట్టదు, FFT దాన్ని వేరే k గా లెక్కేసి ప్యాకెట్ మొత్తాన్నే ఎడమవైపు నడిపిస్తుంది. అందుకే అక్కడే గ్రిడ్ దూరాన్ని సగం చేసి మళ్లీ నడిపాను. గ్రిడ్ తప్పయితే కదలిక మారాలి. ఏమీ మారలేదు. ⟨x⟩ గ్రాఫ్ వాలు కూడా ħk₀/m తో సరిగ్గా కలిసింది. అలలు నిజంగా ముందుకే పోతున్నాయి, కానీ సగం వేగంతో, ఎందుకంటే ω = ħk²/2m లో ఫేజ్ వెలాసిటీ ħk/2m. ప్యాకెట్‌తో పాటు పరిగెత్తి చూసేవాడికి ప్రతి అలా ముందు అంచున పుట్టి, వెనక్కి జారుతూ పోయి, తోక దగ్గర చచ్చిపోతుంది. ఆయన చివరిదాకా ఒప్పుకోలేదు, మార్కులూ తగ్గాయి. అది నాకు ఇప్పటికీ బాధే.

ఈ గందరగోళానికి సగం కారణం పాఠ్యపుస్తకాల బొమ్మలే అని నా గట్టి అభిప్రాయం. వెడల్పైన ప్యాకెట్ గీసి లోపల అలలన్నీ సమాన దూరంలో పెడతారు. ముందు దగ్గరగా, వెనక దూరంగా ఉండాలి కదా! అలా గీస్తే విస్తరణకి కారణం బొమ్మలోనే కనిపిస్తుంది. లేదా |ψ|² ఒక్కటే గీస్తారు, అప్పుడు పిల్లలకి ఎలక్ట్రానే ఉబ్బిపోతున్నట్టు అనిపిస్తుంది. 1926లో ష్రోడింగర్ ప్యాకెట్‌నే ఎలక్ట్రాన్‌గా చూడాలనుకున్నప్పుడు, అది విస్తరించిపోతుంది కదా అని లోరెంజ్ ఉత్తరం రాసి అభ్యంతరం చెప్పారు. డిటెక్టర్ పెడితే పడేది ఎప్పుడూ ఒకచోట ఒక ఎలక్ట్రానే. వెడల్పయ్యేది అది ఎక్కడ పడుతుందన్న సంభావ్యత.

ఇంకొక్కటి, ఇది ఎవరూ చెప్పరు. మొమెంటం పంపిణీ ఒకవైపు ఒరిగి ఉంటే శిఖరాన్ని నమ్ముకోవద్దు. చాలాసేపటి తర్వాత |ψ|² ఆకారం మొమెంటం పంపిణీ ఆకారాన్నే తీసుకుంటుంది కాబట్టి, శిఖరం అత్యధిక సంభావ్యత ఉన్న k వేగంతో పోతుంది, సగటు ⟨k⟩ వేగంతో పోతుంది. రెండూ క్రమంగా విడిపోతాయి. కాలంతో శిఖరం స్థానం గీస్తే మొదట్లో వంకర రావచ్చు, ⟨x⟩ గీస్తే మాత్రం సరళరేఖే వస్తుంది.