తాతగారి పద్దుల్లో కౌలు లెక్క కోర్టులో పనికొస్తుందా?

ప్రశ్న: మాది దివిసీమ. డిగ్రీ చదువుతున్నాను. చనిపోయిన మా తాతగారి వ్యవసాయ పద్దుల పుస్తకంలో సిరా వెలిసిపోతోందని అంతా ఎక్సెల్‌లోకి ఎక్కించాను. పేర్ల వరసలో పెట్టి చూస్తే 1971 నుంచి 1989 దాకా ప్రతి సంక్రాంతికీ ఒకే పేరు, ఒకే మాట: ‘చెరువుగట్టు చేను, 9 బస్తాలు, ముట్టినవి’. ఒక్క 1978లోనే 2 బస్తాలు. తప్పు కొట్టానేమోనని పుస్తకం మళ్లీ చూశాను, 2 అనే ఉంది. ఆ చేను 1970లో నోటిమాట మీద కొన్నామని ఆ పేరుగల కౌలుదారు మనవలు ఇప్పుడు దావా వేశారు. నా షీటు చూపించవచ్చా?

జవాబు: షీటు రుజువు కాదమ్మా, రుజువు ఆ పుస్తకమే. షీటులో ప్రతి వరసకీ పుస్తకంలోని పేజీ నంబరు చేర్చండి, చదవలేని చోట ఊహించి నింపకండి. వెలిసిన అక్షరాల మీద పెన్ను మాత్రం పెట్టవద్దు. దిద్దిన పద్దును అవతలి లాయరు వదలడు.

ఆ 2 బస్తాలే నాకు బాగా నచ్చాయి. 1977 నవంబరు 19న ఉప్పెన మీ సీమను ముంచేసింది. ఆ సంక్రాంతికి కౌలుదారు ఇంటికి ధాన్యం ఎక్కడిది? తర్వాత కూర్చుని కల్పించేవాడు అన్నేళ్లూ 9 అనే రాసుకుపోతాడు.

భారతీయ సాక్ష్య అధినియం 26వ సెక్షన్ ప్రకారం, చనిపోయిన వ్యక్తి తన వృత్తి వ్యాపారాల క్రమంలో రాసిన పద్దును కోర్టు పరిశీలించవచ్చు. పుస్తకం 30 ఏళ్లు దాటి, ఉండాల్సిన చోటే ఉంది కాబట్టి దస్తూరీ తాతగారిదేనని 92వ సెక్షన్ కింద కోర్టు అనుకోవచ్చు. అది దస్తూరీ వరకే, రాసింది నిజమని కాదు. పైగా క్రమంగా రాసిన పద్దులైనా, వాటి ఒక్కదాని బలంతో ఎవరిమీదా బాధ్యత మోపలేమని 28వ సెక్షన్ చెబుతుంది. అందుకని తోడు కావాలి: ఆ ఏళ్ల అడంగల్ నకళ్లు, శిస్తు రశీదులు, కౌలు కొలవడం చూసిన పెద్దవాళ్లు. దస్తూరీ గుర్తుపట్టి మీ నాన్నగారు సాక్ష్యం చెప్పాలి.

వంద రూపాయలు, ఆపైన విలువున్న భూమి నోటిమాటతో అమ్ముడుపోదు, రిజిస్టరు దస్తావేజు ఉండాలి. అందుకే వాళ్లు చివరికి ‘ఇన్నేళ్లుగా స్వాధీనం మాదే’ అనే వాదనకు దిగుతారు. కౌలుకు దిగినవాడి స్వాధీనం యజమాని అనుమతితో వచ్చింది, 12 ఏళ్లు దాటినంత మాత్రాన హక్కుగా మారదు. మీ బలహీనత 1989 తర్వాతి ఖాళీ. కౌలు ఆగితేనే సరిపోదు, యజమాని హక్కును బాహాటంగా కాదన్నారని వాళ్లు చూపాలి. అయినా ఆ తర్వాత కౌలు ఎవరు తీసుకున్నారో నాన్నగారిని అడిగి రాసుకోండి.

సమన్లు అందిన 30 రోజుల్లో రిటన్ స్టేట్‌మెంట్ వేయాలి, కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల దాకా. పుస్తకాన్ని దాంతోపాటే దాఖలు చేయించండి.