క్రయ దస్తావేజులో పీఠికకూ అమ్మకం పేరాకూ పొంతన లేకపోతే?

పర్లాకిమిడి దగ్గర ప్లాటు కొన్నాం. దస్తావేజు మొదట్లో ‘40 డెసిమల్స్ అమ్మదలచి’ అనీ, అమ్మకం పేరాలో ‘25 డెసిమల్స్ విక్రయించాను’ అనీ ఉంది. మార్జిన్‌లో ‘మొత్తం ప్లాటు’ అని రాశారు. ఏది చెల్లుతుంది?

మామూలుగా 25 డెసిమల్సే. హక్కు చేతులు మారేది ‘విక్రయించాను’ అన్న పేరాతోనే. అది స్పష్టంగా ఉంటే, పీఠిక కూడా అంతే స్పష్టంగా ఉండి విభేదించినా, ఆ పేరాదే పైచేయి.

అదే పేరాలో ‘ప్లాటులో నా భాగం అమ్మాను’ అని మాత్రమే ఉండుంటే లెక్క వేరు. ఆ భాగం ఎంతో తెలియదు కాబట్టి పీఠికలోని 40 అర్థం చెప్పడానికి పనికొస్తుంది. పీఠిక సందేహం తీరుస్తుంది, స్పష్టమైన మాటను మాత్రం మార్చలేదు.

మార్జిన్ రాత బలం ఇంకా తక్కువ, లేఖరి గుర్తుకోసం పెట్టుకున్నదే ఎక్కువ. శీర్షికా అంతే: పైన ‘తనఖా’ అని రాసినంత మాత్రాన అమ్మకం తనఖా అయిపోదు.

షెడ్యూలులో విస్తీర్ణం, హద్దులు ఎలా ఉన్నాయో కూడా చూడండి. నిజంగా 40కే బేరమైతే, అమ్మినవారితో కలిసి సవరణ దస్తావేజు రిజిస్టర్ చేయించండి. వారు ఒప్పుకోకపోతే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 26 కింద దావా వేయాలి. అక్కడ ఇద్దరి పొరపాటో, మోసమో రుజువు చేయాలి. అప్పుడు ఆ పీఠిక మంచి సాక్ష్యం.