రెండు గడువులూ అందవని ఉదయం 10 గంటలకే తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న: నేను కూకట్‌పల్లిలో ఉంటాను. ఈ ఏడాది బీకాం కంప్యూటర్స్ పూర్తి చేశాను. మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కస్టమర్ సపోర్ట్ ఉద్యోగానికి వెళితే కస్టమర్ల ఫిర్యాదులు రాసిన ఐదు టికెట్లు ఇచ్చి వరుసలో పెట్టమన్నారు. ప్రతిదానికీ గడువు, సివియారిటీ, కస్టమర్ గోల్డా సిల్వరా అన్న వివరం ఉన్నాయి. నేను సివియారిటీని బట్టి పెట్టాను. "అలాగైతే ఒకటి గడువు దాటుతుంది కదా, ఏం చేస్తారు?" అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. వచ్చే వారం మళ్లీ రమ్మన్నారు. ఏ వరుస సరైనది?

జవాబు: సలహాలు చెప్పే పనిలోకి రాకముందు నేను చాలా ఏళ్లు సపోర్ట్ విభాగంలో పనిచేశాను. కొత్తవారికి ఇలాంటి ప్రశ్నే ఇచ్చేదాన్ని. అన్ని గడువులూ అందే వరుస లేకుండా కావాలనే అంకెలు వేసేదాన్ని. ఆ సంగతిని అభ్యర్థి ఎంత తొందరగా పట్టుకుంటారు, పట్టుకున్నాక ఎవరికి చెబుతారు అన్నదే నేను చూసేది. అలాంటి లెక్క ఒకటి ఇప్పుడు కలిసి చేద్దాం.

సమయం ఉదయం 10 గంటలు. పని చేసేది మీరొక్కరే. సిల్వర్ కస్టమర్ ఒకరి సంస్థలో ఎవరికీ లాగిన్ కావడం లేదు. అది సివియారిటీ 1, అంటే అన్నిటికంటే తీవ్రమైనది. గడువు మధ్యాహ్నం 1 గంట, పని గంటన్నర. మరో సిల్వర్ కస్టమర్‌కు ఇన్వాయిస్‌లో పన్ను తప్పుగా వస్తోంది. సివియారిటీ 3, గడువు 12:30, పని 2 గంటలు. ఒక గోల్డ్ కస్టమర్‌కు రిపోర్ట్ బాగా ఆలస్యంగా తెరుచుకుంటోంది. సివియారిటీ 2, గడువు మధ్యాహ్నం 2 గంటలు, పని గంట. ఇంకో గోల్డ్ కస్టమర్ తమ పేజీలో లోగో కనిపించడం లేదని సివియారిటీ 1 పెట్టి పంపారు. దానికి 10:15 లోపు మొదటి జవాబు వెళ్లాలి. ఐదోది ఒక ఉద్యోగికి అనుమతి ఇవ్వడం. 10 నిమిషాల పని, సాయంత్రం 5 వరకు సమయం ఉంది.

మొదట లోగో టికెట్ చూడండి. మొదటి జవాబుకు, పరిష్కారానికి గడువులు వేర్వేరు. జవాబు రాయడానికి 10 నిమిషాలు చాలు కాబట్టి అది ముందే పంపేయాలి. ఆ జవాబులోనే రెండు విషయాలు అడగండి: ఎంతమంది పని ఆగిపోయింది? పని జరగడానికి వేరే దారి ఉందా? ఎవరి పనీ ఆగలేదని తేలితే అది సివియారిటీ 1 కాదు. కానీ లేబుల్‌ను మీ అంతట మీరు చప్పుడు చేయకుండా మార్చకండి. కస్టమర్ ఒప్పుకున్నారనో, టీమ్ లీడ్ చెప్పారనో టికెట్‌లో రాసి మార్చండి. ఇక్కడ అది సివియారిటీ 3 అయింది, గడువు సాయంత్రానికి మారింది అనుకుందాం.

ఇప్పుడు మిగిలినవాటిని గడువు వరుసలో పెట్టి, పని సమయాలు కూడుకుంటూ వెళ్లండి. 10:10కి ఇన్వాయిస్ మొదలుపెడితే 12:10కి అవుతుంది. గడువులోపే. ఆ తర్వాత లాగిన్ మొదలుపెడితే 1:40కి అవుతుంది. గడువు 1 గంట, అంటే 40 నిమిషాలు ఆలస్యం. ఇక్కడ ఆగండి. పని చేసేది ఒక్కరై, టికెట్లన్నీ చేతిలోనే ఉన్నప్పుడు, గడువు వరుసలోనే ఒకటి దాటిపోతే ఇంకే వరుసలో పెట్టినా ఏదో ఒకటి దాటి తీరుతుంది. జాక్సన్ అనే పరిశోధకుడు 1955లో చూపించిన ఫలితం నుంచి వచ్చేది ఇదే. అంటే ఇక మంచి వరుస కోసం వెతుక్కోనక్కర్లేదు. ఏది దాటాలన్నదే మీ ముందున్న ప్రశ్న.

దానికీ ఒక పద్ధతి ఉంది. 1968లో మూర్ అనే ఆయన ఇచ్చిన సూత్రం ప్రకారం, గడువు వరుసలో వెళ్తూ ఆలస్యం ఎదురైన చోట, అప్పటిదాకా ఉన్నవాటిలో ఎక్కువ సమయం తినేదాన్ని పక్కన పెట్టాలి. ఇక్కడ అది 2 గంటల ఇన్వాయిస్. దాన్ని పక్కన పెడితే లాగిన్ 11:40కి, రిపోర్ట్ 12:40కి, రెండూ గడువులోపే అయిపోతాయి. దాటేది ఒక్కటే. అలా కాకుండా లాగిన్ తర్వాత ఇన్వాయిస్ పట్టుకుంటే అది 1:40కి అవుతుంది, రిపోర్ట్ 2:40కి అవుతుంది, రెండూ దాటుతాయి. అయితే ఈ సూత్రానికి దాటినవాటి సంఖ్యే తెలుసు, నష్టం తెలియదు. లాగిన్ పనికే 3 గంటలు పట్టేదైతే అది లాగిన్‌నే పక్కన పెట్టమనేది. ఒక సంస్థ మొత్తం పని ఆగిపోయి ఉండగా అలా చేయకూడదు. సివియారిటీ అసలు ఉపయోగం ఇక్కడే ఉంది: ఏది దాటాలో తేల్చేటప్పుడు.

గోల్డ్, సిల్వర్ సంగతి ఇంతవరకు ఎత్తలేదని గమనించే ఉంటారు. చాలా ఒప్పందాల్లో గోల్డ్ కస్టమర్‌కు గడువే తక్కువ పెడతారు. అంటే వారికిచ్చే ప్రాధాన్యం గడువులో ముందే కలిసిపోయి ఉంటుంది. వరుస పెట్టేటప్పుడు మళ్లీ గోల్డ్‌ను పైకి తెస్తే ఒకేదాన్ని రెండుసార్లు లెక్కించినట్టు. అలా చేసే చోట సిల్వర్ టికెట్లు రోజుల తరబడి కిందనే ఉండిపోవడం నేను చూశాను. నష్టం సమానంగా ఉన్న రెండింటిలో ఒకటి దాటక తప్పనప్పుడు మాత్రం స్థాయి చూడవచ్చు. ఒప్పందంలో జరిమానా ఉంటే అదీ చూడాలి. ఆ నిర్ణయం టీమ్ లీడ్‌ది.

మిమ్మల్ని అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెప్పవచ్చు. ఇన్వాయిస్ దాటుతుందని 10:10కే తెలిసింది కాబట్టి 10:10కే లీడ్‌కు చెబుతాను అనండి. మాట ఇలా ఉంటే చాలు: "ఇన్వాయిస్ టికెట్ గడువు 12:30. నేను లాగిన్, రిపోర్ట్ చూశాకే దాన్ని తీసుకోగలను, మధ్యాహ్నం 2:40కి పూర్తవుతుంది. ఇంకెవరైనా ఇప్పుడే తీసుకోగలరా? లేకపోతే కస్టమర్‌కు 2:40 అని చెప్పనా?" ఇదే మాట 12:25కి చెబితే లీడ్ చేయగలిగింది ఏమీ ఉండదు. 10:10కి చెబితే ఖాళీగా ఉన్న మనిషిని వెతకడానికి సమయం ఉంటుంది.

గడువు దాటిన టికెట్ విషయంలో ఒక జాగ్రత్త. దాటేసింది కదా, ఇక 10 నిమిషాలైనా 2 రోజులైనా ఒకటే అని దాన్ని వదిలేసే అలవాటు చాలా చోట్ల ఉంది. గడువు దగ్గరపడినవే పైన చూపించేలా స్క్రీన్ అమర్చి ఉంటే దాటినది కంటికి కూడా కనిపించదు. నా మొదటి ఉద్యోగంలో ఇలా ఒక టికెట్ 9 రోజులు ఉండిపోయింది. ఆ కస్టమర్ ఫోను చేసి అడిగినప్పుడు నా దగ్గర మాట లేదు. అందుకే దాటబోయేదానికి వెంటనే కొత్త సమయం రాసి, దాన్నే గడువుగా లెక్కలో పెట్టుకోండి. మీ లెక్కలో ఇన్వాయిస్ 12:40కి మొదలవుతుంది, దాని వెనక లోగో, అనుమతి వస్తాయి.

అంచనాలు తప్పుతాయి, ముఖ్యంగా లాగిన్ లాంటివాటిలో. అందుకని ప్రతి టికెట్ పక్కన, ఎప్పటిలోగా మొదలుపెట్టకపోతే దాటుతుందో రాసుకోండి. గడువులోంచి పని సమయం తీసేస్తే అది వస్తుంది. రిపోర్ట్‌కు అది మధ్యాహ్నం 1 గంట. లాగిన్ అప్పటికీ తేలకపోతే రిపోర్ట్ కూడా ప్రమాదంలో పడినట్టే. 12 గంటలకల్లా కారణం దొరకకపోతే లీడ్‌కు మళ్లీ ఫోను చేయండి.

రెండో రౌండ్‌లో కాగితం ఇవ్వగానే పెన్ను పట్టుకునే ముందు ఒకటి అడగండి: ఈ గడువులు ఎవరి గడియారం ప్రకారం? మాదాపూర్‌లో కూర్చుని అమెరికా కస్టమర్ల టికెట్లు చూసే కంపెనీలు చాలా ఉన్నాయి. న్యూయార్క్ మనకంటే చలికాలంలో పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది. పైగా కింది స్థాయి సివియారిటీలకు కస్టమర్ ఆఫీసు వేళలనే లెక్కించే ఒప్పందాలు చాలా ఉన్నాయి. అలాంటి చోట, సాయంత్రం 5 అని రాసిన అనుమతి టికెట్ గడువు మనకు అర్ధరాత్రి దాటాక వస్తుంది.