బిల్లు మీద ‘వాపసు లేదు’ అని ఉంటే?

ఫ్రిజ్ కొన్న మూడు నెలలకే పాడైంది. బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఉంది. ఇక ఏమీ చేయలేమా?

చేయొచ్చు, వస్తువులో లోపం ఉంటే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చిన హక్కును దుకాణదారు బిల్లు మీద ఒక వాక్యం అచ్చేసి తీసేయలేడు.

ఉదాహరణకు ఫ్రిజ్ ధర 32,000, మెకానిక్ రెండుసార్లు వచ్చినా కూలింగ్ రాలేదు అనుకుందాం. బిల్లు, వారంటీ కార్డు, ఆ రెండు సర్వీస్ రిపోర్టులు జతచేసి, దుకాణంతో పాటు తయారీ కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చండి. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. దుకాణం వేరే ఊళ్లో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. గడువు మాత్రం రెండేళ్లు. లోపం మామూలుగా చూస్తే తేలకపోతే కమిషన్ ల్యాబ్ పరీక్షకు పంపుతుంది. రుజువైతే బాగుచేయమని, కొత్తది ఇమ్మని, లేదా డబ్బు వడ్డీతో తిరిగివ్వమని ఆదేశించగలదు. నష్టపరిహారం, కేసు ఖర్చులు కూడా ఇప్పించగలదు. వారంటీ ఉండగా రిపేరుకు రాకుండా తిప్పితే అది సేవాలోపం, దానికీ ఇదే దారి.

చాలామంది పొరబడేది ఇంకోచోట: రంగు నచ్చలేదని వాపసు అడిగే హక్కు ఈ చట్టంలో లేదు.