రిపేరు ఖర్చు పట్టుకోమనండి, మిగతా పైసలు ఇవ్వమనండి

ప్రశ్న: హన్మకొండలో నాకు చిన్న వెల్డింగ్, ఫర్నిచర్ షాపు ఉంది. జూన్ 9న ఒక ప్రైవేటు స్కూలుకు 120 డ్యుయల్ డెస్కులు ఇచ్చాను. జీఎస్టీతో కలిపి బిల్లు 6,37,200 రూపాయలు, అడ్వాన్సు 2 లక్షలు వచ్చింది. జూలై 21న కరస్పాండెంట్ గారు వాట్సాప్‌లో "డెస్కులు ఊగుతున్నాయి, సన్‌మైకా లేస్తోంది, అన్నీ మార్చేదాకా పైసా ఇవ్వం" అని పెట్టారు. నేను పోయి చూస్తే పాడైనవి ముప్పై దాకా ఉంటాయి. ఐదుగురు పనివాళ్లకు జీతాలియ్యాలి, ఐరన్ షాపుకు లక్షన్నర బాకీ ఉన్నాను. తెలిసిన ఫైనాన్షియర్ నూటికి మూడు రూపాయల మిత్తికి 3 లక్షలు ఇస్తానంటున్నాడు. ఆ పైసలు తీసుకుని స్కూలు మీద కేసు వేయమంటారా?

జవాబు: ఆ 3 లక్షలు తీసుకోకండి. మూడు రూపాయల మిత్తి అంటే నెలకు 9,000. మూడు నెలలు గడిస్తే 27,000 పోతుంది, అసలు అట్లనే ఉంటుంది. పాడైన ఆ ముప్పై డెస్కులను బాగు చేయడానికి అంత ఖర్చు కాదు. కేసు వేస్తే మూడు నెలల్లో తేలదని మీకూ తెలుసు. రిపేరు ఖర్చు ఒప్పుకోవడం ఇష్టం లేక అంతకు ఎన్నో రెట్లు ఫైనాన్షియర్‌కు కట్టినవాళ్లను నేను చాలామందిని చూశాను. మీరు కూడా అదే దారిలో పోతున్నారని మీ ఉత్తరం చదివితే బాధ కలిగింది.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఒక్క కస్టమర్ బిల్లు ఆపితే జీతాలు ఆగుతున్నాయంటే మీ షాపుకు అత్యవసర నిధి లేదన్నమాట. మీకు వచ్చిన టెన్షన్‌లో సగం స్కూలు వల్ల వస్తే, మిగతా సగం దీనివల్లే వచ్చింది. దాని సంగతి చివర్లో వివరంగా చెబుతాను, ముందు ఇరుక్కున్న పైసలు చూద్దాం.

సరుకులో లోపం ఉంటే దానివల్ల కలిగిన నష్టం మేరకు ధరలో తగ్గించుకునే హక్కు కొన్నవారికి ఉంది. 1930 నాటి వస్తువుల అమ్మకం చట్టంలో 59వ సెక్షన్ చెప్పేది అదే. కాబట్టి "ఒక్క రూపాయి తగ్గించను" అని మీరు పట్టుబడితే నిలవదు. అట్లాగే స్కూలు వాళ్లు కూడా ముప్పై డెస్కుల లోపం చూపించి 4,37,200 మొత్తం ఆపితే నిలవదు. డెస్కులు వాపసు పంపకుండా, నెలన్నరగా పిల్లల్ని కూర్చోబెట్టి వాడుకుంటున్నారు. రిపేరుతో సరిపోయేదానికి 120 డెస్కులూ కొత్తవి ఇమ్మని అడగలేరు. కాబట్టి మీరు పెట్టాల్సిన ప్రతిపాదన ఇది: లోపం ఉందని ఇద్దరూ కలిసి చూసి తేల్చిన డెస్కులకు అయ్యే రిపేరు ఖర్చు మాత్రం బిల్లులోంచి పట్టుకోవాలి, మిగతాది ఇచ్చేయాలి.

ఇందులో అసలు పని తేల్చడమే. మీరొక్కరే పోయి లెక్కపెట్టి వస్తే వాళ్లు ఒప్పుకోరు, వాళ్లు పంపిన ఫొటోలు చూసి మీరూ ఒప్పుకోవద్దు. స్కూలు తరఫున ఒకరు, మీ తరఫున మీరు కలిసి ప్రతి క్లాసూ తిరగండి. లోపమున్న ప్రతి డెస్కు మీద పెయింట్ మార్కర్‌తో నంబరు వేసి, ఫొటో తీసి, ఆ నంబరు ఎదురుగా ఏం పాడైందో కాగితం మీద రాయండి. చివర్లో ఇద్దరూ సంతకం చేయాలి.

వెల్డింగ్ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు, అయినా చూడాల్సింది ఒకటి గుర్తు చేస్తాను. అతుకు పైపును పట్టకుండా శుభ్రంగా ఊడి, కింద పైపు నున్నగా కనిపిస్తే అది మీ షాపులో జరిగిన తప్పు, వాదించకుండా ఒప్పుకోండి. అతుకు గట్టిగానే ఉండి పక్కన పైపు వంగిపోతే, డెస్కు మీద ఎక్కి నిలబడటమో, ఈడ్వడమో జరిగి ఉండొచ్చు. అయితే అక్కడ కూడా పైపు గేజ్ కొలవండి. ఆర్డర్‌లో 16 గేజ్ అని రాసి, అంతకన్నా పల్చని 18 గేజ్ వేసి ఉంటే పైపు వంగడానికీ మీరే బాధ్యులు. సన్‌మైకా అంచు నుంచి గమ్ వదిలి లేస్తే మీ లోపం, మధ్యలో గీతలు పడితే పిల్లల వాడకం.

ఇప్పుడు లెక్క చూద్దాం. తనిఖీలో 22 డెస్కులకు వెల్డింగ్, 8 డెస్కులకు సన్‌మైకా మీ లోపమని తేలాయనుకోండి. బయటి షాపువాళ్లు వెల్డింగ్‌కు, మళ్లీ పెయింట్‌కు కలిపి డెస్కుకు 500 అన్నారనుకుంటే 11,000. పైచెక్కకు కొత్త సన్‌మైకా వేయడానికి 1,250 చొప్పున 10,000. ట్రాలీ కిరాయి 3,000. మొత్తం 24,000. రేట్లు కొంచెం అటూ ఇటూ కావచ్చు, కానీ మీ పంచాయితీ మొత్తం ఇంతే. రిపేరు పేరుతో ఇంకా మందం ప్లైవుడ్ వేయించుకుంటామంటే ఆ పెరిగిన ఖర్చు వాళ్లదే. "తల్లిదండ్రుల ముందు మా పేరు పోయింది" అని ఒక అంకె చెబితే దాన్ని ఈ లెక్కలో కలపకండి.

ఫోన్‌లో మాట్లాడితే లొల్లి పెరుగుతుంది. ఈ రకంగా లెటర్‌హెడ్ మీద రాసి, ఒక కాపీ చేతికిచ్చి మీ కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి, వాట్సాప్‌లో కూడా పంపండి:

"గౌరవనీయులైన కరస్పాండెంట్ గారికి, జూలై 21న మీరు పంపిన మెసేజ్‌కు ఇది జవాబు. మేమిచ్చిన 120 డెస్కుల్లో మా పనిలో లోపమని తేలిన ప్రతిదాని రిపేరు ఖర్చు మేమే భరిస్తాం. ఈ వారంలో మీకు వీలైన రోజు ఇద్దరం కలిసి డెస్కులన్నీ చూసి, లోపమున్నవాటి జాబితా రాసి సంతకాలు చేద్దాం. రిపేరు మమ్మల్నే చేయమంటే సెలవు రోజుల్లో వచ్చి ఉచితంగా చేస్తాం. బయట చేయించుకుంటామంటే రెండు షాపుల కొటేషన్లు తీసుకుని, వాటిలో తక్కువదాని ప్రకారం ఆ జాబితాలోని పనికి అయ్యే ఖర్చును మా బిల్లులోంచి పట్టుకోండి. అది తేలేదాకా 50,000 రూపాయలు మీ దగ్గరే ఉంచుకోండి. మిగతా 3,87,200 రూపాయలను ఏడు రోజుల్లో మా ఖాతాలో వేయగలరు. రిపేరు ఖర్చు పోగా 50,000లో మిగిలినది లెక్క తేలిన వారంలో ఇవ్వగలరు. ఈ ప్రతిపాదన సామరస్యం కోసం చేస్తున్నది, దీనివల్ల మా మిగతా హక్కులు వదులుకున్నట్టు కాదు."

50,000 ఎందుకంటే, అది మన అంచనాకు రెట్టింపు. దాన్ని చూసి వాళ్లకు ధైర్యం వస్తుంది, మీకు ఈ నెల గడుస్తుంది. పైన వేసిన లెక్కే ఖాయమైతే 24,000 పట్టుకుని 26,000 తిరిగిస్తారు. స్కూలు పట్టుకున్న మొత్తానికి, బిల్లు ఆ మేరకు తగ్గించినట్టు మీరు క్రెడిట్ నోట్ ఇవ్వాలి. జీఎస్టీతో కలిపి 24,000 తగ్గిందంటే అందులో సుమారు 3,661 రూపాయలు పన్ను, ఆ మేరకు మీ పన్ను తగ్గించుకోవచ్చేమో మీ అకౌంటెంట్‌తో చూపించుకోండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. వాళ్లు రెండు లక్షల చెక్కు ఇచ్చి "ఫుల్ అండ్ ఫైనల్" అన్న కాగితం మీద సంతకం పెట్టమంటారు. జీతాల తొందరలో ఉన్నవాళ్లు పెట్టేస్తారు. తక్కువ మొత్తాన్ని పూర్తి చెల్లింపుగా ఒప్పుకుంటే మిగతా బాకీ అక్కడితో పోతుంది. "పార్ట్ పేమెంట్‌గా అందింది" అని రాసి మాత్రమే సంతకం చేయండి.

ఏడు రోజుల్లో జవాబు రాకపోతే మీకు ఇంకో దారి ఉంది, అది కూడా సరుకు ఇవ్వకముందే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకుని ఉంటేనే. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సరుకు అందిన 15 రోజుల్లో కొన్నవారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే సరుకు ఒప్పుకున్నట్టే లెక్క. జూన్ 9న ఇచ్చారు కాబట్టి ఆ గడువు జూన్ 24తో అయిపోయింది, వాళ్ల మొదటి మెసేజ్ జూలై 21న వచ్చింది. పేమెంట్ గడువు రాసుకోకపోతే 15 రోజుల్లో, రాసుకున్నా 45 రోజులు దాటకుండా ఇవ్వాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. చిన్న పరిశ్రమలకు రావాల్సిన బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అయితే దీనివల్ల లోపాల మీద స్కూలుకున్న హక్కు పోదు, రిపేరు ఖర్చు అక్కడ కూడా అడుగుతారు. అందుకే మొదటి ఉత్తరంలో ఈ చట్టం ప్రస్తావన పెట్టలేదు. రేపు ఇంకో బ్లాకు కడితే ఆ డెస్కులు కూడా మీరే చేయాలి కదా.

ఈలోగా జీతాలకు మాత్రం ఒక నెలకు సరిపడా బ్యాంకులో బంగారం మీద తీసుకోండి. మిత్తి నూటికి రూపాయి లోపే పడుతుంది. స్కూలు డబ్బు రాగానే మొదట అదే తీర్చాలి. ఐరన్ షాపు సేటుకు ఈ ఉత్తరం కాపీ చూపించి నెల గడువు అడగండి. గిరిగిరి వాళ్ల గడప తొక్కకండి.

ఇప్పుడు నిధి సంగతి. ఐదుగురికి తలా 15,000 అనుకుంటే జీతాలే 75,000. షాపు కిరాయి, కరెంటు బిల్లు కలిపి 18,000 వేస్తే నెలకు 93,000. మూడు నెలలకు 2,79,000. ఇంతకు తగ్గకుండా షాపు పేరు మీద వేరే ఖాతాలో ఉండాలి. ఆ ఖాతాకు యూపీఐ పెట్టకండి, ఏటీఎం కార్డు తీసుకోకండి. ఇంటి ఖర్చుల నిధి దీనికి వేరుగా ఉండాలి, రెండూ కలిపితే పెళ్లికో పండక్కో ఖాళీ అయిపోతుంది. స్కూలు నుంచి 3,87,200 వచ్చిన రోజే, బంగారం అప్పు తీర్చాక, 40,000 ఇందులో వేయండి. ఐరన్ షాపుకు ఆ తర్వాత కట్టండి, ఒకేసారి మొత్తం అడిగితే రెండు వాయిదాలకు ఒప్పించండి. తర్వాత వచ్చే ప్రతి బిల్లులో పదో వంతు ముందు ఈ ఖాతాకు పోవాలి. 2,79,000 నిండేదాకా కొత్త మెషిన్ కొనకండి, బండి మార్చకండి.