ల్యాప్‌టాప్ పెట్టగానే కరెంట్ రీడింగ్ ఎందుకు తగ్గింది?

"సార్, 12 వోల్టుల సోలార్ బ్యాటరీకి INA219 మాడ్యూల్‌తో కరెంట్ మీటర్ చేసుకున్నాను. దాన్ని మైనస్ వైరులో పెట్టాను. 3 ఆంపియర్ల లోడ్‌కి సరిగ్గానే చూపిస్తోంది. కానీ మీటర్ బోర్డు, చార్జ్ కంట్రోలర్ రెండిటి యూఎస్‌బీ కేబుళ్లూ ల్యాప్‌టాప్‌కి పెడితే 2 ఆంపియర్లే అంటోంది. త్వరలో 10 ఆంపియర్ల పంపు పెట్టాలి. ఈ మాడ్యూల్ తట్టుకుంటుందా?"

ముందు ఆ రెండు కేబుళ్లూ పీకేయండి. తగ్గిన ఆ 1 ఆంపియర్ ఎక్కడికీ పోలేదు, మీ ల్యాప్‌టాప్ లోంచి వెళ్తోంది.

మాడ్యూల్‌లో కరెంట్‌ని కొలిచే చిన్న రెసిస్టరే షంట్. మీ మీటర్ బోర్డు గ్రౌండ్ ఆ షంట్‌కి లోడ్ వైపున ఉంది. కంట్రోలర్ గ్రౌండ్ నేరుగా బ్యాటరీ మైనస్‌కి ఉంది. రెండు కేబుళ్లూ ఒకే ల్యాప్‌టాప్‌కి చేరగానే షంట్‌కి పక్కదారి ఏర్పడింది. షంట్ 0.1 ఓమ్, కేబుళ్ల గ్రౌండ్ వైర్లు రెండూ కలిపి 0.2 ఓమ్ అనుకుంటే మూడింట ఒక వంతు కరెంట్ కేబుళ్లలోకి మళ్లుతుంది. మీరు చూసిన లెక్క సరిగ్గా అదే.

నన్ను భయపెట్టేది ఆ తర్వాత జరిగేది. షంట్ కాలిపోయినా, టంకం ఊడినా లోడ్‌కి మిగిలే మైనస్ దారి ఆ సన్నని కేబులే. పంపు 10 ఆంపియర్లూ దానిలోంచే లాగుతుంది. కేబుల్ కరుగుతుంది, ల్యాప్‌టాప్ పోర్టు పోతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. మీ మెటల్ బాక్సు బ్యాటరీ మైనస్‌కి కలిపి ఉంటే, ప్లస్ వైరు ఒరుసుకుని బాక్సుకి తగిలినప్పుడు షార్ట్ కరెంట్ బాక్సు గుండా బ్యాటరీకి చేరుతుంది. మైనస్‌లో కూర్చున్న షంట్‌కి అది కనిపించదు. మీటర్ మామూలు రీడింగే చూపిస్తుంటుంది, వైరు మాత్రం కాలుతుంటుంది. మైనస్‌లో షంట్ పెట్టి, లోడ్ వైపు గ్రౌండ్‌తో యూఎస్‌బీ పోర్టు ఇచ్చి, ఈ సంగతి ఒక్క ముక్క కూడా రాయకుండా అమ్మే చవక మీటర్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

మైనస్‌లో పెట్టడమే తప్పని కాదు. అక్కడ వోల్టేజ్ దాదాపు సున్నా కాబట్టి మామూలు ఆంప్లిఫయర్‌తో పని అయిపోతుంది, ఖర్చు తక్కువ. కానీ లోడ్ నుంచి బ్యాటరీకి తిరిగొచ్చే దారి అదొక్కటే అయి ఉండాలి. మీ దగ్గర ఆ షరతు నిలవదు. INA219 ప్లస్ వైపు కొలవడానికే చేసిన చిప్. షంట్‌ని బ్యాటరీ ప్లస్‌కీ లోడ్‌కీ మధ్య పెట్టండి, బోర్డు గ్రౌండ్‌ని బ్యాటరీ మైనస్‌కి ఇవ్వండి. అప్పుడు షంట్ కాలినా లోడ్ ఆగిపోతుంది, అంతే. షంట్ దాటాక జరిగే షార్ట్ కూడా మీటర్‌కి తెలుస్తుంది. అయినా షంట్ రక్షణ పరికరం కాదు. బ్యాటరీ ప్లస్ పక్కనే, షంట్‌కి ముందు, 15 ఆంపియర్ల ఫ్యూజు ఉండాల్సిందే. కేబుళ్లు మళ్లీ పెట్టేముందు లోడ్ ఆన్ చేసి, వాటి మెటల్ కొనల మధ్య మల్టీమీటర్‌తో చూడండి. ఇప్పుడు 3 ఆంపియర్ల దగ్గర 300 మిల్లీవోల్టులు వస్తుంది. మార్చాక కొద్ది మిల్లీవోల్టులకు పడిపోవాలి.

ఈ చిప్‌కి షంట్‌కి కలిసే పిన్నుల మీద 26 వోల్టులే పరిమితి. రేపు 24 వోల్టుల బ్యాటరీకి మారితే చార్జింగ్‌లో 28 దాటుతుంది, చిప్ పోతుంది.

ఇక పంపు సంగతి. మాడ్యూల్ మీద R100 అని రాసి ఉన్నది 0.1 ఓమ్ రెసిస్టర్. చిప్ 320 మిల్లీవోల్టుల వరకే కొలుస్తుంది కాబట్టి 3.2 ఆంపియర్ల దగ్గర రీడింగ్ ఆగిపోతుంది. 10 ఆంపియర్లకి ఆ రెసిస్టర్ మీద 1 వోల్టు పడుతుంది, `P = I² × R` ప్రకారం 10 వాట్ల వేడి పుడుతుంది. అంత చిన్న బిళ్ల దాన్ని తట్టుకోదు.

2 మిల్లీఓమ్ షంట్ వేయండి. 10 ఆంపియర్లకి 20 మిల్లీవోల్టులు వస్తుంది, వేడి 0.2 వాట్లే. చిప్ రేంజ్‌ని 40 మిల్లీవోల్టులకి మారిస్తే 20 ఆంపియర్ల దాకా చూడొచ్చు. ఇందులో పోగొట్టుకునేది చిన్న కరెంట్లని. చిప్‌కి 100 మైక్రోవోల్టుల వరకు సొంత పొరపాటు ఉండొచ్చు. 0.1 ఓమ్ మీద అది 1 మిల్లీఆంపియరే, 2 మిల్లీఓమ్ మీద 50 మిల్లీఆంపియర్లు. పంపు ఆగినప్పుడు బోర్డు తాగే కొద్దిపాటి కరెంట్‌ని ఈ మీటర్‌లో నమ్మకండి. అదీ కావాలంటే INA226 తీసుకోండి. దాని పొరపాటు 10 మైక్రోవోల్టుల లోపే కాబట్టి అదే షంట్‌తో 5 మిల్లీఆంపియర్ల దాకా వస్తారు. షంట్ విలువ పెంచి ఆ తేడా సరిచేద్దామని మాత్రం చూడకండి, మళ్లీ వేడి దగ్గరికే వస్తారు.

ఇంత చిన్న షంట్‌కి టంకం కూడా లెక్కలోకి వస్తుంది. చిప్‌కి వెళ్లే రెండు సన్న వైర్లని షంట్ ఒంటికే అతికించండి, లావు వైరు చివర కాదు. మధ్యలో అర మిల్లీఓమ్ రాగి చేరినా రీడింగ్ 25 శాతం ఎక్కువ చూపిస్తుంది. పైగా రాగి వేడెక్కేకొద్దీ దాని నిరోధం డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. మల్టీమీటర్‌లో కరెంట్ నిలకడగా ఉండి, మీ మీటర్‌లో మాత్రం పది నిమిషాల్లో మెల్లగా పైకి పాకుతుంటే, ముందు ఆ అతుకులు చూడండి.