గ్రైండింగ్ చేశాక గేటు జాయింట్ పగిలింది

"రెండు అంగుళాల స్క్వేర్ పైపు గేటు, 2 ఎంఎం మందం. వెల్డింగ్ నున్నగా గ్రైండ్ చేసినాను, నెలకే జాయింట్ పక్కన చీలింది. ఎందుకన్నా?"

వెల్డు పక్కన పైపు పల్చబడింది. గట్టి గ్రైండింగ్ వీల్ అంచు ఆనిన చోట గాడి పడుతుంది, 2 ఎంఎంలో అర ఎంఎం పోతే పావు వంతు పోయినట్టే, గేటు ఊగినప్పుడల్లా బరువంతా ఆ గాడి మీదే.

చాలామంది వదిలేసేది ఒకటే, వీల్ మార్చడం.

1. గ్రైండ్ చేసే ముందు వెల్డుకు రెండు పక్కలా పైపు మీద మార్కర్‌తో రంగు పూయి.
2. గట్టి వీల్‌తో ఉబ్బు మాత్రమే తీయి, అర ఎంఎం ఎత్తు ఉండగానే ఆపు.
3. మిగిలింది 60 గ్రిట్ ఫ్లాప్ డిస్క్‌తో, కొంచెం వాల్చి, వెల్డు పొడవునా కదుపుతూ తీయి. మార్కర్ రంగు చెరగడం మొదలైతే చాలు, ఇంకా నొక్కకు. పైపు నీలం తిరిగిందంటే ఒకే చోట ఎక్కువ నొక్కినావని.

లోపలి మూలల్లో వెల్డు జోలికి పోవద్దు, అక్కడ బలం ఆ ఉబ్బుదే. కడపలో మా షాపుకు వచ్చే రిపేర్లలో ఇదే ఎక్కువ.

ఇప్పుడు చీలిన దానికి పుట్టీ పూయొద్దు. చీలిక చివరిదాకా గ్రైండ్ చేసి, మళ్ళీ వెల్డింగ్ నింపి, పైన చెప్పినట్టు తీయి.